పుస్తకం తెరవని రోజుకి మనసు రాసుకునే సంజాయిషీ

సెమిస్టర్ పరీక్షలకి ఇంకా 21 రోజులుంది. ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్న ఒక కుర్రాడిని ఊహించుకుందాం. హాస్టల్ గదిలో బల్ల మీద 'సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్' పుస్తకం ఉంది. మొత్తం ఐదు యూనిట్లు. మిడ్‌లో ఆ సబ్జెక్టు దెబ్బతీసింది కాబట్టి ఇప్పుడు గట్టిగా చదవాలని అతనికి బాగా తెలుసు. సాయంత్రం ఆరింటికి కూర్చుందామనుకున్నాడు. చూస్తుండగానే ఆరుంబావు అయింది. సరే, ఏడింటి నుంచి శుభ్రంగా మొదలుపెడదామనుకున్నాడు. ఏడింటికి మెస్‌లో భోజనం, తర్వాత ఫోన్. తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేసింది. "చదువుకుంటున్నావా నాన్నా?" "ఆ, చదువుతున్నానమ్మా." పదకొండింటికి గుండెల్లో ఏదో బరువు. "రేపు పొద్దున నాలుగింటికి లేచి పక్కాగా మొదలుపెడతా" అనుకుని అలారం పెట్టుకున్నాడు. పెట్టగానే ప్రాణం తెరిపిన పడింది. నిద్ర పట్టింది.

ఈ కథలో ఆలోచించాల్సింది ఆ ఆఖరి ఘట్టం గురించే. రోజంతా ఒక్క పేజీ తిరగలేదు. సిలబస్‌లో ఒక్క గీత తగ్గలేదు. అయినా బరువు దిగింది. చదవకపోవడం వల్ల వచ్చిన బాధ చదవకుండానే ఎలా తీరిపోయింది? మనస్తత్వ శాస్త్రంలో దీన్ని వివరించే సిద్ధాంతం ఒకటుంది. పేరు కాగ్నిటివ్ డిసొనెన్స్. మనకి నచ్చిన రెండు నమ్మకాలు ఒకదాన్నొకటి కొట్టుకున్నప్పుడో, మన నమ్మకం ఒక దారిలో, మన చేత ఇంకో దారిలో వెళ్లినప్పుడో లోపల పుట్టే ఇబ్బంది అది. తెలుగులో మానసిక వైరుధ్యం అనుకోవచ్చు.

బిహార్ భూకంపం నుంచి మొదలైన ఆలోచన

ఈ సిద్ధాంతాన్ని 1957లో పుస్తకంగా తెచ్చినవాడు లియాన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. దానికి బీజం పడింది మాత్రం మన దేశపు సంఘటన దగ్గర. 1934 జనవరి 15న బిహార్‌ని పెద్ద భూకంపం కుదిపేసింది. ఆ తర్వాత ప్రజల్లో వ్యాపించిన పుకార్లను పట్నాకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జమునా ప్రసాద్ సేకరించి ప్రచురించారు. భూమి కంపించడం తెలిసినా ఇళ్లు కూలని, మనుషులు పోని ప్రాంతాల్లో తిరిగిన పుకార్లవి. చంద్రగ్రహణం రోజున ఇంతకన్నా పెద్ద భూకంపం వస్తుందని, నేపాల్ వైపు నుంచి వరద ముంచుకొస్తోందని చెప్పుకున్నారు.

ఫెస్టింగర్‌ని తికమక పెట్టింది ఇదే. అప్పుడే పెద్ద గండం తప్పించుకున్నవాళ్లు ధైర్యం చెప్పుకోవాలి గానీ, ఇంకా భయపెట్టే కబుర్లు ఎందుకు పుట్టిస్తారు? ఆయనకి తట్టిన జవాబు ఇది: ఆ పుకార్లు భయాన్ని పుట్టించలేదు, అప్పటికే పుట్టిన భయానికి కారణం చూపించాయి. ఒళ్లంతా వణుకుతోంది, చుట్టూ చూస్తే గోడ కూడా పగల్లేదు. ఈ రెండింటికీ పొంతన లేదు. వణుకు ఆపడం మన చేతిలో లేదు కాబట్టి, వణుకుకి తగిన ప్రమాదాన్ని మనసే తయారుచేసుకుంది. డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడి నిజంగానే నష్టం జరిగిన చోట దుర్గానంద్ సిన్హా పరిశీలిస్తే, ఇలాంటి రాబోయే ప్రళయాల పుకార్లు కనిపించలేదు. అక్కడ భయానికి కారణం కళ్లెదుటే ఉంది మరి.

ఇక మన హాస్టల్‌కి వద్దాం. పరీక్షలు దగ్గర పడ్డాక కారిడార్లలో తిరిగే కబుర్లు గుర్తు తెచ్చుకోండి. "ఎగ్జామ్స్ పోస్ట్‌పోన్ అవుతాయంట." "ఈసారి పేపర్ ఈజీగా ఇస్తారంట." "మూడో యూనిట్ నుంచి ఏమీ రాదంట." బిహార్‌లో భయం నిజం, దానికి కారణం దొరకలేదు. ఇక్కడ చదవకపోవడం నిజం, దానికి కారణం కావాలి. ఏ మూల నుంచి పుట్టిందో తెలియని వాయిదా వార్తని, బాగా చదువుతున్నవాడు ఒకసారి విని వదిలేస్తాడు. పుస్తకం తెరవనివాడు నలుగురికి చెప్తాడు.

తేలిగ్గా వంగేదే వంగుతుంది

మన కుర్రాడి బుర్రలో రెండు మాటలున్నాయి. ఒకటి: "నేను బాధ్యత తెలిసినవాణ్ణి, ఈ పరీక్ష నాకు ముఖ్యం." రెండు: "ఈ రోజు నేను చదవలేదు." రెండూ పక్కపక్కన ఉండలేవు. ఈ ఇరకాటం నుంచి బయటపడే దారులు నాలుగు. చేసే పని మార్చుకోవచ్చు, అంటే లేచి పుస్తకం తెరవచ్చు. నమ్మకాన్ని మార్చుకోవచ్చు: "మార్కుల్లో ఏముంది, ఉద్యోగానికి స్కిల్స్ కావాలి గానీ." రెండింటి మధ్య సర్దుబాటు కోసం మూడో మాట చేర్చుకోవచ్చు: "నాకు పొద్దున్నే బాగా ఎక్కుతుంది." లేదా మొత్తం వ్యవహారాన్నే చిన్నది చేసేయచ్చు: "ఒక్క రోజు పోతే ఏమైంది, ఇంకా ఇరవై ఉన్నాయి."

ఫెస్టింగర్ చెప్పిందాంట్లో కీలకం ఏమిటంటే, మనసు ఈ నాలుగింటిలో సరైనదాన్ని వెతకదు. ఏది తేలిగ్గా మారుతుందో దాన్నే మారుస్తుంది. రాత్రి పదకొండింటికి గడిచిపోయిన రోజుని ఎవరూ మార్చలేరు. అది జరిగిపోయిన నిజం. 'నేను మంచి విద్యార్థిని' అన్న మాట చిన్నప్పటి నుంచి కూడగట్టుకున్నది, దాన్ని వదులుకోవడం కష్టం. మరి చేతికి అందేది? ఇంకా పుట్టని రేపు. రేపటి గురించి ఏ మాటైనా చేర్చుకోవచ్చు, కాదనే సాక్ష్యం ఏదీ ఉండదు. అలారం పెట్టగానే బరువు దిగడానికి కారణం ఇదే. వైరుధ్యం తీరింది, చదువు మొదలుకాలేదు.

ఒక డాలరు అబద్ధం

అందరి బాధా ఇలాగే ఉంటుందా? ఉండదు. అదే కుర్రాడికి 103 డిగ్రీల జ్వరం వచ్చి చదవలేకపోయి ఉంటే, సిలబస్ గురించి బెంగ ఉండేదేమో గానీ ఈ తప్పు చేసిన భావం ఉండేది కాదు. చదవకపోవడానికి బయట గట్టి కారణం ఉంది కాబట్టి లోపల లెక్క సరిపోతుంది. ఎవరూ బలవంతపెట్టకుండా, తనంతట తాను ఫోన్ పట్టుకున్న రోజునే లెక్క తేలదు.

బయటి కారణానికీ లోపలి మార్పుకీ ఉన్న ఈ సంబంధాన్ని 1959లో ఫెస్టింగర్, జేమ్స్ కార్ల్‌స్మిత్ ఒక ప్రయోగంలో చూపించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థుల చేత గంటసేపు పరమ విసుగు పుట్టించే పని చేయించారు. అరగంట ట్రేలో దారపు రీళ్లు పేర్చడం, తీయడం, మళ్లీ పేర్చడం. ఇంకో అరగంట చెక్క మీదున్న 48 మేకుల్ని ఒక్కొక్కటిగా కొంచెం కొంచెం తిప్పుతూ పోవడం. అయ్యాక, "బయట కూర్చున్న తర్వాతి మనిషికి ఈ పని భలే సరదాగా ఉందని చెప్పాలి" అని అడిగారు. ఆ అబద్ధానికి కొందరికి ఒక డాలరు, కొందరికి 20 డాలర్లు ఇచ్చారు. ఆ రోజుల్లో 20 డాలర్లు పెద్ద మొత్తమే. ఆఖర్న, పని నిజంగా ఎంత సరదాగా ఉందో మైనస్ 5 నుంచి ప్లస్ 5 వరకు మార్కు వేయమన్నారు.

20 డాలర్లు తీసుకున్నవాళ్లు వేసింది మైనస్ 0.05. అబద్ధం చెప్పమని అడగనివాళ్లు వేసింది మైనస్ 0.45. ఒక్క డాలరు తీసుకున్నవాళ్లు మాత్రం ప్లస్ 1.35 వేశారు. ఎక్కువ డబ్బు అందుకున్నవాడికి సమాధానం జేబులోనే ఉంది: "డబ్బు కోసం చెప్పాను." ఒక డాలరుకి అబద్ధమాడానని ఒప్పుకోవడం కష్టం. అందుకని పనే అంత చెడ్డదేమీ కాదని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు.

అమ్మతో "చదువుతున్నానమ్మా" అన్న మాట ఈ ఒక డాలరు కోవలోదే. ఆవిడ కొట్టలేదు, తిట్టలేదు, ఆప్యాయంగా అడిగింది. అబద్ధం చెప్పాల్సినంత ఒత్తిడేమీ లేదు. కాబట్టి ఫోన్ పెట్టేశాక మనసు ఆ మాటని నిజం చేసే పనిలో పడుతుంది. "పొద్దున క్లాసులో నోట్స్ రాసుకున్నాగా, అదీ చదువే. సీనియర్ దగ్గర ఇంపార్టెంట్ క్వశ్చన్స్ జిరాక్స్ తెచ్చాగా, అదీ చదువే." రెండు రోజులయ్యేసరికి తాను కొంత చదివానన్న నమ్మకమే కలుగుతుంది.

మూడు వారాల్లో మారిన మాటలు

ఈ కుర్రాడు పరీక్ష దాకా ఏమనుకుంటూ వచ్చాడో వరసగా రాసి చూస్తే ఒక పద్ధతి బయటపడుతుంది.

మొదటి వారంలో అతను చదువుకి దగ్గరగా కనిపించే పనులు చేశాడు. రంగు పెన్నులతో టైమ్‌టేబుల్ గీశాడు. యూట్యూబ్‌లో పాఠాల ప్లేలిస్టులు సేవ్ చేశాడు. గది ఊడ్చాడు. చివరికి టేబుల్ లైట్ కూడా కొన్నాడు. ఇవి బద్ధకం పనులు కావు, శ్రమ ఉంది. కానీ ప్రతి పనీ "నేను చదువుతున్నాను" అన్న మాటకి ఒక సాక్ష్యం చేర్చిందే తప్ప, ఒక్క ఫోరియర్ సిరీస్ లెక్కని చేయించలేదు.

రెండో వారానికి టైమ్‌టేబుల్ సగం ఎర్ర గీతలతో నిండింది. రేపు అనే మాట అరిగిపోయింది, పదిసార్లు వాడాక దాని మీద అతనికే నమ్మకం పోయింది. అప్పుడు కారణం బయటికి జరిగింది. "ఆ సార్ చెప్పేది ఎవడికీ అర్థం కాదు." "రూమ్మేట్ ఫోన్లో మాట్లాడుతూనే ఉంటాడు, ఎలా చదవాలి?" ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు. గమనించాల్సిందేమంటే, ఇవి పూర్తి అబద్ధాలు కావు. సార్ పాఠం నిజంగానే అర్థం కాకపోవచ్చు. కాకపోతే మొదటి వారంలో గుర్తురాని సార్ రెండో వారంలోనే ఎందుకు గుర్తొచ్చాడన్నది ప్రశ్న. జ్వరం లేనివాడికి జ్వరం లాంటి కారణం ఒకటి కావాల్సి వచ్చింది.

మూడో వారంలో లక్ష్యమే మారింది. "టాపర్ అవ్వాలనేం లేదు, పాసైతే చాలు." రెండు రోజులకి "అవసరమైతే సప్లీ రాసుకుంటా, సగం క్లాసుకి బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి." ఇరవై రోజుల క్రితం ఇదే కుర్రాడికి ఈ మాట ఎవరైనా చెబితే కోపం వచ్చేది. పరీక్ష విలువ తగ్గించుకుంటే తప్ప చేసిన పనికీ దానికీ పొంతన కుదరని స్థితికి చేరాడు.

ఆఖరి రాత్రి నైట్ అవుట్ చేశాడు. దాని వెనక ఇంకో లెక్క కూడా ఉంది. తప్పితే "చదవలేదు కాబట్టి తప్పాను" అనచ్చు. గట్టెక్కితే "ఒక్క రాత్రిలో కొట్టేశా" అనచ్చు. ఏది జరిగినా 'నాకు తెలివి ఉందా' అన్న ప్రశ్న జోలికి పోనక్కర్లేదు. 1978లో స్టీవెన్ బెర్గ్‌లాస్, ఎడ్వర్డ్ జోన్స్ కొందరు విద్యార్థులకి జవాబే లేని ప్రశ్నలిచ్చి, ఎలా రాసినా చాలా బాగా చేశారని చెప్పారు. మళ్లీ పరీక్ష పెట్టే ముందు రెండు మందుల్లో ఒకటి ఎంచుకోమన్నారు, ఒకటి బుర్రని చురుగ్గా చేస్తుందని, ఇంకోటి మందగింపజేస్తుందని చెప్పి. తమ విజయం ఎలా వచ్చిందో తమకే తెలియని ఆ కుర్రాళ్లలో చాలామంది మందగింపజేసేదాన్నే కోరుకున్నారు. ఓడితే నింద వేయడానికి అది పనికొస్తుంది. నిజానికి ఏ మందూ ఇవ్వలేదు, ఎంపిక చూడటమే వాళ్ల ఉద్దేశం. చదువుని ఆఖరి రాత్రికి నెట్టుకోవడం అలాంటి మందే.

బాధపడితే చదువుతాడా?

"కనీసం తప్పు చేస్తున్నానన్న బాధ ఉంది, అదే దారిలో పెడుతుంది" అని పెద్దలు అనుకుంటారు, విద్యార్థులూ అనుకుంటారు. జరిగేది తరచూ దీనికి తిరగబడి ఉంటుంది. బాధ పెరిగేకొద్దీ దాన్ని గుర్తుచేసే వస్తువు వైపు చూడబుద్ధి కాదు. బల్ల మీదున్న పుస్తకమే ఆ వస్తువు. మొదటి రోజు అది ఒక సబ్జెక్టు. పదో రోజుకి అది పది రోజుల నిర్లక్ష్యానికి గుర్తు. దాన్ని తెరవాలంటే పాఠాన్నే కాదు, ఆ పది రోజుల్నీ ఎదుర్కోవాలి. ఫోన్ అలాంటిదేమీ గుర్తుచేయదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. "ఇంత బాధపడుతున్నానంటే నేను బాధ్యత లేనివాణ్ణేం కాదు" అని మనసు ఆ బాధనే మంచితనానికి రుజువుగా జమ వేసుకుంటుంది. అలా బాధపడటమే చదువు స్థానంలోకి వస్తుంది.

కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ వోల్, తిమోతీ పిచిల్, షానన్ బెనెట్ 119 మంది మొదటి సంవత్సరం విద్యార్థులను పరిశీలించి 2010లో ఫలితం ప్రచురించారు. మొదటి పరీక్షకి చదువు వాయిదా వేసినవాళ్లలో, ఆ సంగతిలో తమని తాము క్షమించుకున్నవాళ్లు తర్వాతి పరీక్షకి తక్కువ వాయిదా వేశారు. క్షమించుకోవడం వల్ల చెడు భావాలు తగ్గాయి, అవి తగ్గాక పుస్తకం వైపు వెళ్లడం తేలికైంది. ఇక్కడ క్షమించుకోవడమంటే 'ఏం పర్లేదు' అనుకోవడం కాదు. 'పర్లేదు' అన్న మాట తప్పునే చెరిపేస్తుంది. క్షమాపణకి ముందు తప్పు చేశానని ఒప్పుకోవాలి. "వారం పాడు చేశాను, అది నా పనే, అయిపోయింది" అన్నవాడికి మద్దెలతో పని లేదు.

సిద్ధాంతం హద్దులు

ప్రతి వాయిదాకీ ఈ వివరణ అతకదు. ఆ కోర్సు ఇష్టం లేకుండా ఇంట్లోవాళ్ల కోసం చేరిన విద్యార్థి చదవకపోయినా లోపల ఘర్షణ అంతగా ఉండదు. అతని సమస్య వేరు. పునాది లేక పాఠం అసలు ఎక్కనివాడికి కావాల్సింది విడమరిచి చెప్పే మనిషి. వారాల తరబడి నిద్ర, ఆకలి దెబ్బతిని, ఇష్టమైన ఆటలూ పాటలూ కూడా రుచించకపోతే దాన్ని బద్ధకం, సాకు అని కొట్టిపారేయకూడదు. డాక్టర్‌కి చూపించాలి.

సిద్ధాంతంలోనూ తేలని విషయాలున్నాయి. నమ్మకానికి విరుద్ధంగా రాయించే ఒక పాత ప్రయోగాన్ని 19 దేశాల్లోని 39 ల్యాబులు కలిసి తిరిగి చేసి 2024లో ఫలితాలు ఇచ్చాయి. తమ అభిప్రాయానికి ఎదురు రాసినవాళ్లు, సంబంధం లేని విషయం రాసినవాళ్లకన్నా ఎక్కువగా అభిప్రాయం మార్చుకున్నారు. కానీ 'ఇది మీ ఇష్టం' అని చెప్పి రాయించినా, నేరుగా రాయమన్నా తేడా రాలేదు. స్వేచ్ఛగా ఎంచుకున్నామన్న భావం ఎంత అవసరమన్న చర్చ అలా మళ్లీ తెరుచుకుంది. మనుషులు చేసిన పనికి తగ్గట్టు మాట మార్చుకోవడం మాత్రం కనిపిస్తూనే ఉంది.

ఏది మార్చాలి?

వైరుధ్యం ఏదో ఒక దారిన తీరి తీరుతుంది. అన్నిటికన్నా తేలికైన దారి చదువు వైపే ఉండేలా చేయడమే మన చేతిలో ఉన్నది. 'రెండో యూనిట్ పూర్తి చేయాలి' అన్నది కొండంత పని, దాని పక్కన సాకు ఎప్పుడూ చులకనే. 'కన్వల్యూషన్ లెక్క ఒకటి కాగితం మీద రాయాలి' అన్నది పావుగంట పని. అది ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా ముందే ముడిపెట్టాలి: "మెస్ నుంచి గదికి రాగానే, ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి, ఆ లెక్క రాస్తా." ఇలా సందర్భానికి పనిని కట్టేసే పద్ధతిని పీటర్ గోల్విట్జర్ చాలాకాలం పరిశోధించారు, వట్టి సంకల్పం కన్నా ఇది బాగా పనిచేస్తుందని చూపించారు. ఒక లెక్క పూర్తయ్యాక బుర్రలో రెండో మాట మారుతుంది: "ఈ రోజు నేను చదివాను." చిన్నదైనా అది నిజం, ఇక సాకుతో పని ఉండదు.

సాకుని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఒక మాట అనుకోగానే మనసు తేలికైతే, ఆ వెంటనే చూసుకోండి: పేజీ తిరిగిందా? తిరగకపోతే, ఆ మాట ఎంత సబబుగా ఉన్నా అది సంజాయిషీయే.

తల్లిదండ్రులకి కూడా ఒక మాట. 1965లో జొనాథన్ ఫ్రీడ్‌మన్ చిన్న మగపిల్లల ముందు కొన్ని బొమ్మలు పెట్టి, వాటిలో ఒక రోబో బొమ్మతో ఆడొద్దన్నాడు. కొందరికి మెల్లగా చెప్పాడు, కొందరిని గట్టిగా బెదిరించాడు. అప్పటికి దాదాపు అందరూ మాట విన్నారు. కొన్ని వారాల తర్వాత, బెదిరింపు ఊసే లేని చోట ఆ బొమ్మ మళ్లీ ఎదురైతే, గట్టిగా బెదిరించబడ్డవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఆడారు. మెల్లగా చెప్పించుకున్నవాళ్లలో మూడోవంతుకి లోపే ఆడారు. పెద్ద భయం ఉన్నప్పుడు పిల్లవాడు ఆ భయం కోసం ఆగుతాడు, చిన్న మాటకి ఆగితే తానే ఆగానని నమ్ముతాడు. "ఫెయిలైతే ఇంటికి రాకు" అన్న బెదిరింపూ, "ర్యాంకొస్తే బైక్ కొనిస్తా" అన్న ఎరా చదువుకి కారణాన్ని పిల్లవాడి బయట పెడతాయి. ఫోన్ చేసినప్పుడు "చదువుతున్నావా?" అని అడగకండి, దానికి అవుననే జవాబొస్తుంది. "ఇవాళ ఏ లెక్క చేశావు, ఎక్కడ ఆగింది?" అని అడగండి. చేయలేదంటే కోప్పడకండి. చేయలేదని చెప్పగలిగిన పిల్లవాడికి ఆ రాత్రి సంజాయిషీ రాసుకోవాల్సిన అవసరం సగం తగ్గుతుంది.